అమెరికాకు రెజ్యూమే: పాతది దిద్దాలా, కొత్తగా రాయాలా?

శ్రమ: ఫొటో, పుట్టినతేదీ, తండ్రిపేరు, చివరి డిక్లరేషన్ తీసేయడం పది నిమిషాల పని. కొత్తగా రాయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది.

రిస్కు: వివక్ష ఆరోపణలు వస్తాయని అక్కడి కంపెనీలు ఫొటో, వయసు కోరవు. వాటిని తీసేసినా పాత ఫైలులోని టేబుళ్లు మిగులుతాయి. వడపోత సాఫ్ట్‌వేర్ వాటిని కలగాపులగంగా చదవవచ్చు. మొత్తాన్ని నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. వరుస చెదిరితే కొత్తగా రాయాల్సిందే.

ఫలితం: దిద్దితే ‘బిల్లింగ్ మాడ్యూల్ బాధ్యతలు’ అన్న వాక్యం అలాగే ఉంటుంది. కొత్తగా రాస్తే ‘రిపోర్టు సమయాన్ని 6 గంటల నుంచి 40 నిమిషాలకు తగ్గించాను’ అవుతుంది. పిలుపు తెచ్చేది ఇదే. ఏది ఎంచుకున్నా తేదీలు సరిచూడండి: 05/08/2021ని అమెరికన్లు మే 8గా చదువుతారు. ‘ఆగస్టు 2021’ అనే అర్థం వచ్చేలా నెలపేరు రాయండి.

గడువు రేపే అయి, పాత ఫైలులో టేబుళ్లు లేకపోతే దిద్దితే చాలు. అయిదేళ్ల అనుభవం దాటితే కొత్తగా రాయడమే మేలు. గల్ఫ్ ఉద్యోగాలకు మాత్రం ఫొటో ఉన్న పాత ప్రతిని దాచుకోండి.