మనుషులను తీసేసినా సీట్లు తగ్గవు: ఉమ్మడి ప్లాన్ కొన్నవారికి హెచ్చరిక

మొన్న ఏప్రిల్ 1న నా క్రెడిట్ కార్డు నుంచి 56,640 రూపాయలు పోయాయి. ఏ కంపెనీ అన్నది చెప్పనవసరం లేదు. గుంటూరులోనైనా విజయవాడలోనైనా పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే షాపులో కంప్యూటరు తెరిస్తే ఎదురుగా కనిపించే ఆ డిజైన్ ప్యాకేజీ గురించే రాస్తున్నాను. అందులో ఐదుగురు కలిసి వాడుకునే సంవత్సరపు ప్లాన్ నా పేరు మీద ఉంది. అరండల్‌పేటలోని మా షాపుకు రెండు సీట్లు, బ్రాడీపేటలోని మిత్రుడికి రెండు, విజయవాడ గవర్నరుపేటలో షాపు నడుపుకుంటున్న మా బావమరిదికి ఒకటి. సీటుకు ఏడాదికి 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 7,080 రూపాయలు. ఐదింటికి కలిపి 35,400. వాళ్లు తమ వాటా నాకు ఫోన్‌లో పంపిస్తారు, కంపెనీ మాత్రం మొత్తం నా కార్డు నుంచే లాగుతుంది. కంపెనీ దృష్టిలో బాకీదారుడిని నేనొక్కడినే అన్న సంగతి ఎవరూ దాచలేదు, నేనే పట్టించుకోలేదు.

కిందటి అక్టోబరు 1న, కార్తీకంలో పెళ్లిళ్ల పని మీద పడబోతోందని మా బావమరిది ముగ్గురు కుర్రాళ్లను నెల రోజులకు పెట్టుకున్నాడు. అతనికి నేనే అడ్మిన్ హక్కు ఇచ్చి ఉన్నాను కాబట్టి నన్ను అడగకుండానే ముగ్గురికీ ఆహ్వానాలు పంపాడు. సీట్లు ఐదూ నిండి ఉన్నందువల్ల, వాళ్లు ఆహ్వానం ఒప్పుకోగానే కంపెనీ తనంతట తాను సీట్లను ఎనిమిది చేసింది. ఆహ్వానించే తెర మీద చిన్న అక్షరాలతో ఆ మాట ఉందట. డబ్బు లాగడానికి ఒక రోజు ముందు బ్యాంకు నుంచి సందేశం కూడా వచ్చింది. పదిహేను వేల లోపు ఆటోమేటిక్ చెల్లింపు కాబట్టి ఓటీపీ అడగలేదు, అందువల్ల నేనూ ఆగి చూడలేదు. మెయిలుకు వచ్చిన ఇన్‌వాయిస్‌లో ఉన్నది ఇది:

```
Unused time on 5 × Team (Yearly) after 01 Oct      -14,958.90
Remaining time on 8 × Team (Yearly) after 01 Oct    23,934.25
IGST 18%                                             1,615.56
Total                                               10,590.91
```

మొదటి వరుసలో మైనస్ గుర్తు చూసి, పాపం ఏదో తగ్గింపు ఇచ్చారని సంతోషించిన మహానుభావుడిని నేను. అది తగ్గింపు కాదు. ఐదు సీట్ల మీద ఇంకా వాడకుండా మిగిలిన 182 రోజుల విలువను వెనక్కి తీసి, అదే 182 రోజులకు ఎనిమిది సీట్ల విలువను మళ్లీ వేశారు. రెండింటికీ తేడా 8,975.35, దాని మీద పన్ను. అంటే నెల రోజుల పని కోసం వచ్చిన ముగ్గురికి మార్చి 31 వరకు సీట్లు కొనేశాం. అక్కడ చదవవలసింది రూపాయలను కాదు, 5 × అన్నది 8 × గా మారిన అంకెను. పైగా ఖాతాలో మా జీఎస్టీ నంబరు నింపలేదు కాబట్టి ఆ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు. ఆ తెలివితక్కువతనం కథ వేరే.

నవంబరు 1న కుర్రాళ్లు వెళ్లిపోయారు. మా బావమరిది సభ్యుల జాబితాలోకి వెళ్లి ముగ్గురినీ తీసేసి, "బావగారూ, తీసేశాను, ఇక మనం ఐదుగురమే" అని ఫోన్ చేశాడు. నేనూ తెరచి చూశాను, నిజంగానే ఐదు పేర్లే ఉన్నాయి. ఆ రోజు ఏ ఇన్‌వాయిస్సూ రాలేదు, సీట్లు తగ్గించామన్న మెయిలూ రాలేదు. సీట్లు చేరినప్పుడు అంత లెక్క రాసి పంపిన వాళ్లు, అవి తగ్గి ఉంటే కనీసం ఒక ముక్క రాసి పంపేవారు కదా అని నాకు అప్పుడు తట్టి ఉంటే ఈ పోస్టు రాసే అవసరం ఉండేది కాదు.

మార్చి 31న బ్యాంకు నుంచి రెన్యూవల్ సందేశం వచ్చింది. పదిహేను వేలు దాటింది కాబట్టి ఈసారి ఓటీపీ అడిగారు. శుభలేఖ ప్రూఫు దిద్దుతూ, ఎదురుగా పెళ్లివారిని కూర్చోబెట్టుకుని, ధర పెంచి ఉంటారులే అనుకుని నా చేతులతో నేనే ఓటీపీ కొట్టాను. దొంగకు తాళంచెవి ఇచ్చి, లోపలికి వెళ్లేటప్పుడు దీపం కూడా పట్టినట్లయింది. ఇన్‌వాయిస్ వచ్చాక చూస్తే 8 × 6,000, పన్నుతో 56,640.

చాట్‌లో వాళ్ల మనిషిని పట్టుకున్నాను. ఐదుగురమే ఉన్నామని, ఐదు నెలలుగా ఆ మూడు సీట్లలో ఎవరూ లేరని, కావాలంటే చూసుకోమని వివరంగా రాశాను. ఇరవై నిమిషాల తరువాత వచ్చిన జవాబు ఇది: "మీరు తీసేసింది మనుషులను సార్, సీట్లను కాదు. ఆ మూడు సీట్లూ భద్రంగా మీ ఖాతాలోనే ఉన్నాయి." భద్రంగానట! నా డబ్బుతో మూడు ఖాళీ కుర్చీలను కాపలా కాస్తున్నందుకు నేను కృతజ్ఞతలు చెప్పాలి కాబోలు. సీట్ల సంఖ్యను బిల్లింగ్ పేజీలో విడిగా తగ్గించాలని, సంవత్సరపు ప్లాన్‌లో ఆ తగ్గింపు తరువాతి రెన్యూవల్ నుంచే అమలవుతుందని అప్పుడు చెప్పారు. పెంచడం ఆ క్షణం నుంచే, తగ్గించడం ఏడాది తిరిగాకే. సరే, రెన్యూవల్ జరిగి ఒక రోజే అయింది కదా, మూడు సీట్ల డబ్బు తిరిగి ఇవ్వమంటే, "ఓటీపీ మీరే ఇచ్చారు కదా సార్" అని ఒక నవ్వు బొమ్మ పెట్టి చాట్ మూసేశారు. 21,240 రూపాయలు పోయినదానికన్నా ఆ నవ్వు బొమ్మ ఎక్కువగా మండిస్తోంది. బ్యాంకుకు ఫోన్ చేస్తే వాళ్లూ ఓటీపీ మాటే అన్నారు.

బ్రాడీపేట మిత్రుడు "అన్నా, నావి రెండు సీట్లే కదా" అని లెక్కప్రకారం 14,160 పంపాడు. అతని తప్పు లేదు. మా బావమరిదిని ఏమీ అనలేను, పండక్కి మొహాలు చూసుకోవాలి. రోజుల లెక్కన చూస్తే ఆ ముగ్గురు కుర్రాళ్లు 31 రోజులు వాడినదానికి పన్నుతో కలిపి దాదాపు 1,804 రూపాయలు అవుతుంది. నేను వాళ్ల కోసం రెండు విడతల్లో కట్టింది 31,830.91.

ఇలాంటి ప్లాన్ ఎవరి కార్డు మీద ఉందో వారు ఈ రోజే సభ్యుల జాబితాలోని పేర్లను లెక్కపెట్టి, చివరి ఇన్‌వాయిస్‌లో × గుర్తుకు ముందున్న అంకెతో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే రెన్యూవల్ తేదీకి ముందే బిల్లింగ్ పేజీలో సీట్లు తగ్గించి, ఆ తెరను ఫొటో తీసి ఉంచుకోండి. అడ్మిన్ హక్కు బావమరిదికి కూడా ఇవ్వకండి. నెలకో రెండు నెలలకో మనుషులు కావలసినప్పుడు వాళ్లకు విడిగా నెలవారీ ప్లాన్ తీసుకోండి, నెలకు ధర కాస్త ఎక్కువైనా సరే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, వచ్చే ఏప్రిల్‌కు అమలయ్యేలా సీట్లను ఐదుకు తగ్గించి పెట్టాను. అప్పటిదాకా ఆ మూడు కుర్చీలూ భద్రంగానే ఉంటాయి.