ఇసబ్‌గోలా, గోధుమ పొట్టా? ఏ కడుపుకి ఏ పీచు మేలు?

రెండు గ్లాసుల్లో నీళ్లు పోయండి. ఒకదాంట్లో చెంచాడు ఇసబ్‌గోల్, రెండోదాంట్లో చెంచాడు గోధుమ పొట్టు వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఇసబ్‌గోల్ నానిన సబ్జా గింజల్లా ఉబ్బి చిక్కటి జిగురవుతుంది. గోధుమ పొట్టు మాత్రం మెత్తబడినా పొట్టులాగే ఉంటుంది. కరిగే పీచుకీ కరగని పీచుకీ తేడా ఇదే.

గోధుమ పొట్టులోని గరుకుదనం పేగు గోడకి తగిలితే అక్కడ నీరు, జిగురు ఊరతాయి, మలం ముందుకు కదులుతుంది. అందుకే మామూలు మలబద్ధకానికి అది పనికొస్తుంది. అయితే పొట్టు ముతకగా ఉండాలి. పిండిలా మెత్తగా ఆడించినదైతే మలాన్ని ఇంకా గట్టిపరచవచ్చు.

ఇసబ్‌గోల్ దారి వేరు. పెద్ద పేగులోని బ్యాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు కాబట్టి గ్యాస్ తక్కువ, పట్టిన నీటిని చివరిదాకా వదలదు. మలం గట్టిగా ఉంటే మెత్తబరుస్తుంది, నీళ్లగా ఉంటే ఆ నీటిని పట్టి ముద్దగా చేస్తుంది. మలబద్ధకానికీ పల్చటి విరేచనాలకీ ఒకే ఇసబ్‌గోల్ పనిచేయడం వెనుక రహస్యం ఇదే. కలుషిత ఆహారంతో జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం దీన్ని నమ్ముకోకండి, ముందు ఓఆర్‌ఎస్ తాగాలి.

తరచూ కడుపునొప్పితో పాటు మలబద్ధకమో విరేచనాలో వేధించే పేగు సమస్యే ఐబీఎస్. అది ఉన్నవాళ్లకి నా ఓటు ఇసబ్‌గోల్‌కే. నెదర్లాండ్స్‌లో 275 మంది ఐబీఎస్ రోగులపై చేసిన పరిశోధన 2009లో వెలువడింది. రోజుకి 10 గ్రాముల చొప్పున 12 వారాలు కొందరికి ఇసబ్‌గోల్ పొట్టు, కొందరికి గోధుమ పొట్టు, మిగతావాళ్లకి బియ్యప్పిండి ఇచ్చారు. ఇసబ్‌గోల్ వాడినవాళ్లకి ఉపశమనం దొరికింది. గోధుమ పొట్టు వాడినవాళ్లలో చాలామంది బాధ ఎక్కువై మధ్యలోనే మానేశారు.

మా పిన్నికి జరిగిందీ అదే. ఐబీఎస్‌తో మలబద్ధకం ఉండి, ఎవరో చెప్పారని రొట్టెల పిండిలో రెండేసి చెంచాల గోధుమ పొట్టు కలుపుకుంది. వారంలో కడుపు డోలులా ఉబ్బి, మెలిపెట్టే నొప్పి మొదలైంది. అది మాని, రాత్రి భోజనం తర్వాత అర చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, గట్టిపడేలోపే తాగింది. రెండో వారం చెంచా, నాలుగో వారానికి రెండు చెంచాలు. మొదటి నాలుగు రోజులు కాస్త ఉబ్బరం ఉన్నా తర్వాత తగ్గి, రోజూ సాఫీగా అవుతోంది.

నీళ్లు తక్కువైతే అదే జిగురు గొంతులో అడ్డుపడుతుంది, మింగడం కష్టమైనవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. థైరాయిడ్ మాత్రలాంటివి వేసుకునేవాళ్లు కనీసం నాలుగు గంటల ఎడం పాటించాలి. ఏ పీచు తిన్నా మలబద్ధకం ఎక్కువవుతోందంటే పేగు కదలిక మందగించి ఉండొచ్చు, లేదా మలద్వారం కండరాలు సరిగా వదులు కాకపోవచ్చు. అప్పుడు మోతాదు పెంచకండి, డాక్టర్‌కి చూపించుకోండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా వచ్చిన మార్పు ఉంటే ఏ పొట్టూ మొదలుపెట్టకుండా ముందు పరీక్ష చేయించుకోవాలి.