నెఫ్రాన్ పటం: బొమ్మను బట్టీ పట్టడమా, పనిని బట్టి గీయడమా?

"నెఫ్రాన్ పటం గీసి, భాగాలు గుర్తించండి" అనే ప్రశ్నకు పిల్లలు రెండు రకాలుగా సిద్ధమవుతారు. నెఫ్రాన్ అంటే మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే అతి చిన్న భాగం. కొందరు పుస్తకంలో బొమ్మను మళ్లీ మళ్లీ చూస్తూ, చెయ్యి తిరిగేదాకా దించుతారు. ఇంకొందరు రక్తం లోపలికి వచ్చిన దగ్గర్నుంచి మూత్రం బయటికి పోయేదాకా ఏం జరుగుతుందో చెప్పుకుంటూ గీస్తారు. బట్టీ దారిలో మొదటి రోజే బొమ్మ వచ్చేస్తుంది. రెండో దారికి మొదట్లో టైమ్ పడుతుంది. అయినా నా ఓటు రెండోదానికే.

బట్టీ పట్టినవాళ్ల తప్పులు ఎక్కడపడితే అక్కడ రావు, కంటికి ఒకేలా కనిపించే జతల దగ్గరే వస్తాయి. రక్తాన్ని తెచ్చే అభివాహి ధమనిక, తీసుకెళ్లే అపవాహి ధమనిక తారుమారవుతాయి. మెలికలు తిరిగిన రెండు నాళికలూ అంతే. ప్రశ్నపత్రంలో పటం కుడి ఎడమలు మారి వచ్చినా, పేర్ల బదులు అ, ఆ, ఇ అని గుర్తులు పెట్టి "గ్లూకోజ్ తిరిగి రక్తంలోకి చేరేది ఎక్కడ?" అని అడిగినా చాలామంది ఆగిపోతారు. వాళ్లకు గుర్తున్నది పేరు కాగితం మీద ఏ మూల ఉందన్నదే.

ఇప్పుడు అదే పటాన్ని పనిని బట్టి గీద్దాం. నెఫ్రాన్ మొదటి పని వడపోత. దానికి ఒత్తిడి కావాలి. అందుకే రక్తం వచ్చే దారి వెడల్పుగా, పోయే దారి సన్నగా ఉంటుంది. లావుగా గీసింది అభివాహి, సన్నగా గీసింది అపవాహి. ఆ రెండింటి మధ్య రక్తకేశనాళికల గుచ్ఛం, వడిసిన ద్రవాన్ని పట్టుకోవడానికి దాని చుట్టూ రెండు పొరల గిన్నెలా బౌమన్ గుళిక.

మన రెండు మూత్రపిండాల్లో కలిపి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం ఇలా వడకడుతుంది. మూత్రంగా పోయేది ఒకటిన్నర లీటర్లు, అటూ ఇటూగా. మిగతాదంతా వెనక్కి రావాలి కదా! అందుకే గుళిక వెనకే పొడవైన, మెలికల నాళిక ఉంటుంది. నీటిలో, ఉప్పులో దాదాపు మూడింట రెండు వంతులు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో గ్లూకోజ్ దాదాపు మొత్తం ఇక్కడే తిరిగి రక్తంలో కలుస్తాయి. ఇదే సమీపస్థ సంవళిత నాళిక. వెనక్కి వచ్చినదాన్ని తీసుకెళ్లడానికి పక్కన రక్తం ఉండాలి. అందుకే అపవాహి ధమనిక నేరుగా సిరలో కలవదు, ముందు నాళిక చుట్టూ మరో కేశనాళికల వలగా విడిపోతుంది. బట్టీ బొమ్మల్లో తరచూ ఎగిరిపోయేది ఈ వలే.

తర్వాత నాళిక మూత్రపిండం వెలుపలి భాగమైన వల్కలం నుంచి లోపలి భాగమైన దవ్వలోకి నిటారుగా దిగి, మలుపు తిరిగి పైకి వస్తుంది. ఇది హెన్లీ శిక్యం. దిగే భాగం నీటిని బయటికి వదులుతుంది. ఎక్కే భాగం నీటిని పోనివ్వదు, ఉప్పును మాత్రం బయటికి పంపుతుంది. దాంతో దవ్వలో లోతుకు పోయేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. చివర్లో సంగ్రహణ నాళం ఆ ఉప్పటి ప్రాంతం గుండానే కిందికి దిగుతుంది కాబట్టి, శరీరానికి నీరు అవసరమైనప్పుడు దానిలోంచి నీటిని లాగేసుకోవడం కుదురుతుంది. ఈ సంగతి తెలిస్తే శిక్యాన్ని వల్కలంలోనే ముగించరు, సంగ్రహణ నాళాన్ని పక్కకు తిప్పరు.

ఇక దూరస్థ సంవళిత నాళిక. గుచ్ఛానికి దగ్గరగా కనిపించే మెలికే సమీపస్థం అనుకుంటే ఇక్కడ దెబ్బతింటారు. పైకి వచ్చిన నాళిక తన గుచ్ఛం దగ్గరికే వచ్చి, రెండు ధమనికల మధ్య ఆనుకుంటుంది. అక్కడి కణాలు ద్రవంలో ఉప్పు ఎంతుందో పసిగట్టి, వడపోత వేగాన్ని సరిచేస్తాయి. కాబట్టి కంటి దూరం చూడకండి, గుళిక నుంచి ద్రవం పోయే దారి వెంట వేలు కదపండి. శిక్యానికి ముందు వచ్చే మెలిక సమీపస్థం, తర్వాత వచ్చేది దూరస్థం.

నేర్చుకున్నది నిలిచిందా అని చూసుకోవడానికి పేర్లు మూసి, "ఈ భాగం పనిచేయకపోతే మూత్రంలో ఏం తేడా వస్తుంది?" అని అడగండి. గుచ్ఛం దెబ్బతింటే ప్రోటీన్ కనిపిస్తుంది. సమీపస్థ నాళిక పనిచేయకపోతే గ్లూకోజ్. శిక్యం పనిచేయకపోతే మూత్రం చిక్కబడదు.

బట్టీ తప్పని చోటు కూడా ఉంది. బౌమన్, హెన్లీ అనేవి మనుషుల పేర్లు, ఎంత ఆలోచించినా పనిలోంచి రావు. వాటి స్పెల్లింగ్ రాసి రాసి నేర్చుకోవాల్సిందే. గుళిక ఎంత పెద్దగా, శిక్యం ఎంత పొడవుగా గీస్తే పేజీలో పడుతుందన్నదీ చేతికి అలవాటు కావాల్సిందే. అందుకే పని అర్థమయ్యాక పుస్తకం మూసి ఒకసారి పూర్తిగా గీయండి, తెరిచి తప్పులు దిద్దుకోండి, మర్నాడు మళ్లీ గీయండి. పేరు గీత ఆ భాగాన్ని తాకి ఆగాలి. రెండు మెలికలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, గీత మధ్యలో ఆగితే ఏది చూపించారో దిద్దేవాళ్లకు తెలియదు.