రెండు వీడియోలకు ఒకే శీర్షిక అంటించి వెళ్లిన ‘ర్యాంకింగ్ ప్యాకేజీ’: జాగ్రత్త

వీడియోలను సెర్చ్‌లో పైకి తెస్తానంటూ వంటల ఛానెళ్ల వాళ్లకు ‘ర్యాంకింగ్ ప్యాకేజీ’ అమ్ముతున్న ఆయన మీలో చాలామందికి తెలిసే ఉంటాడు కాబట్టి పరిచయం అక్కరలేదు. 6,000 రూపాయలు ముందుగానే పుచ్చుకుని నా యూట్యూబ్ ఛానెల్‌లో ఆయన చేసిన నిర్వాకం ఇది.

నాకు ఆవకాయ మీద రెండు వీడియోలు ఉన్నాయి. పాతది 22 నిమిషాలది, 25 కాయలు కొట్టించి ఏడాదికి సరిపడా జాడీకెత్తే పద్ధతి. కొత్తది 7 నిమిషాలది, రెండే కాయలతో, ఆవాలు మిక్సీలో పట్టి చిన్న సీసాలో కలుపుకునేది. ఈయన రెండింటి శీర్షికలనూ తీసేసి, రెండింటికీ Avakaya Pachadi in Telugu అనే పెట్టాడు. వివరణ కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ట్యాగులూ అవే.

మూడు వారాలకు స్టూడియోలో ఒక్కొక్క వీడియో అనలిటిక్స్ తెరిచి, యూట్యూబ్ సెర్చ్ నుంచి ఏ మాటలతో జనం వస్తున్నారో చూశాను. రెండు జాబితాల్లోనూ పైన avakaya pachadi అన్న మాటే ఉంది. ఆ మాటతో పాతదానికి వచ్చే వ్యూస్ సగానికి పడిపోయాయి, కొత్తదానికి కొన్ని వచ్చాయి, రెండూ కలిపినా మునుపు పాతదొక్కదానికే వచ్చిన లెక్కకు చేరలేదు. ఇది జూలైలో జరిగి ఉంటే మామిడికాయల కాలం అయిపోయింది కదా అని సరిపెట్టుకునేదాన్ని, కానీ జరిగింది ఏప్రిల్ నెలాఖరులో, అందరూ ఆవకాయ కోసమే వెతికే రోజుల్లో.

కారణం ఆలోచిస్తే కష్టమేమీ కాదు. సెర్చ్ శీర్షికలోని మాటలతో పాటు, ఆ మాట వెతికి వచ్చినవారు వీడియోను ఎంతసేపు చూశారన్నదీ లెక్కలోకి తీసుకుంటుంది. రెండు కాయలతో చేసుకుందామనుకున్న వారు 22 నిమిషాల వీడియోలో పడి, కాయలు తుడవడం దగ్గరే వెళ్లిపోయారు. ఏడాది కొలత కోసం వచ్చినవారు చిన్న సీసా చూసి వెనక్కి తిరిగారు.

అసలు కడుపు మండింది ఫోనులో. రెండింటికీ ఒకే పేరు ఎందుకు పెట్టారని అడిగితే, “అమ్మా, మీకు వంట తెలుసు, మాకు సెర్చ్ తెలుసు” అన్నాడు. తగ్గిన లెక్క చదివి వినిపిస్తే, “అయితే పాతది డిలీట్ చేసేయండి, కొత్తది పైకొస్తుంది” అన్నాడు. డిలీట్ చేసిన వీడియో మళ్లీ రాదు. దాని వ్యూస్, ఉప్పు ఎంత వేయాలంటూ జనం అడిగిన వందల ప్రశ్నలు, నేనిచ్చిన జవాబులు అన్నీ దానితోనే పోతాయి. ఆ మాట అన్న మనిషే మర్నాడు ‘రెండో దశ’కు ఇంకో 4,000 అడుగుతూ మెసేజ్ పంపాడు. పంపడా మరి, మొదటి దశకు అడగ్గానే ఇచ్చిన మహాతల్లిని నేనే కదా.

మార్చేశాక పాత శీర్షికలు స్టూడియోలో మిగలవు. చెల్లెలికి ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన లింకు కింద పాత పేరు కనిపిస్తే అక్కడి నుంచి ఎత్తి రాసుకోవలసి వచ్చింది.

ఇక వాటిని విడదీసిన తీరు. ఏ మాట ఏ వీడియోదో ముందు కాగితం మీద రాసుకున్నాను. avakaya pachadi అన్న పెద్ద మాటను పాతదానికే వదిలి, దాని శీర్షికను “ఆవకాయ పచ్చడి: 25 కాయలకు ఏడాది నిల్వ కొలతలు” అని మార్చాను. కొత్తదాని శీర్షికను “రెండు కాయలతో మిక్సీ ఆవకాయ” అని మొదలుపెట్టాను, ఎందుకంటే దాన్ని వెతికేది ఫ్లాట్లలో ఇద్దరే ఉండేవారు, విదేశాల్లో ఒకటి రెండు కాయలు దొరికేవారు. వివరణలో ముందుగా కనిపించేవి మొదటి వరుసలే కాబట్టి వాటిని పూర్తిగా వేరు వేరుగా రాశాను. థంబ్‌నెయిల్ మీద ఒకదానికి జాడీ, ఒకదానికి సీసా పెట్టాను. ట్యాగుల మీద పెద్దగా శ్రమపడలేదు; శీర్షిక, థంబ్‌నెయిల్ ముందు వాటి పాత్ర చాలా తక్కువ. కొత్తదాని ఎండ్ స్క్రీన్‌లో పాతదాన్ని చూపించాను, కావలసినవారు అటు వెళ్తారు.

ఇదంతా మార్చి నాలుగు రోజులే అయింది. నెల దాటే వరకు మళ్లీ ముట్టుకోను, ముట్టుకుంటే దేనివల్ల ఏం మారిందో తెలియదు. రెండు జాబితాల్లో వేరు వేరు మాటలు పైకి వస్తే విడిపోయినట్టు.

ఆయనకు మీరూ ఎడిటర్ అనుమతి ఇచ్చి ఉంటే, స్టూడియోలో Settings తెరిచి Permissions దగ్గర ఇవాళే తీసేయండి. ఎవరికి పని అప్పగించినా ముందు మీ శీర్షికలూ వివరణలూ ఒక ఫైలులో కాపీ చేసి పెట్టుకోండి.