కాల్‌లో నోరు విప్పని టీమ్‌మేట్: అందరి ముందు అడగాలా, విడిగా అడగాలా?

టీమ్ అంతా హైదరాబాద్‌లో, ఒక టెస్టర్ మాత్రం వైజాగ్‌లో ఇంటి నుంచి. రోజూ పొద్దున కాల్‌లో "ఏమైనా ప్రాబ్లమా?" అంటే "ఏం లేదండీ" అనేవాడు, తీరా చూస్తే టెస్ట్ సర్వర్‌కి యాక్సెస్ రాక వారమంతా పని ఆగిపోయి ఉంది.

అందరి ముందు పేరు పెట్టి అడిగితే జవాబు అప్పటికప్పుడు వస్తుంది, యాక్సెస్ ఇవ్వాల్సిన మనిషి కూడా అక్కడే ఉంటాడు. కానీ ఆలస్యం చేస్తున్నది అదే కాల్‌లో ఉన్న సీనియరే అయితే, ఆయన పేరు చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

విడిగా అడగడం నిదానం. కాల్‌కి ముందు చాట్‌లో రెండు లైన్లు రాయమనాలి: ఏ టికెట్ మీద ఉన్నారు, ఎవరి జవాబు కోసం ఆగారు? వారానికోసారి వీడియో లేకుండా పావుగంట ఫోన్. "ఎవరి కోసం" అని అడిగితే "ఏం లేదు" అని దాటేయడం కష్టం, ఎవరి మీదో కంప్లైంట్ చేసినట్టూ ఉండదు. అయితే ఇదీ కొన్నాళ్లకు మొక్కుబడి అవుతుంది; నిన్నటి లైనే ఇవాళా కాపీ అయి, టికెట్ కదలకుండా ఉంటే, వెంటనే ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేయమనండి.

నేనైతే విడిగానే అడుగుతాను. తెలిసిన అడ్డంకిని మాత్రం, ఆ టెస్టర్ పేరెత్తకుండా, కాల్‌లో నేనే లేవనెత్తుతాను: "టెస్ట్ సర్వర్ యాక్సెస్ ఇవాళ ఎవరు ఇస్తున్నారు?"