పట్టికలో లేని ఏడు సంవత్సరాల రేటు: రెండు దారులు

పట్టికలో 5 సంవత్సరాలకు చక్రవడ్డీ రేటు 6 శాతం, 10 సంవత్సరాలకు 7 శాతం ఉన్నాయి. మనకు కావలసింది 7 సంవత్సరాలది.

మొదటి దారి సరళరేఖ. 5 నుంచి 7కు దూరం 2, మొత్తం దూరం 5, కాబట్టి రేటు తేడాలో ఐదింట రెండు వంతులు కలపాలి: 6.4 శాతం. ఇక్కడ చాలామంది 2/5 బదులు 7/10 వేస్తారు. దూరాన్ని సున్నా నుంచి కాదు, 5 సంవత్సరాల వరుస నుంచి కొలవాలి.

రెండో దారిలో రేట్లను ముట్టుకోము, పెరిగిన సొమ్మును చూస్తాము. 100 ఐదేళ్లకు 133.82, పదేళ్లకు 196.72 అవుతుంది. ఈ మధ్య ఐదేళ్లూ ఏటా ఒకే వేగంతో పెరిగిందనుకుంటే:

```
133.82 × (196.72 / 133.82)^(2/5) = 156.12
```

దీన్ని ఏడేళ్ల వార్షిక రేటుగా మారిస్తే 6.57 శాతం. మొదటి దారిలో అదే 100 దాదాపు 154.4 దగ్గరే ఆగుతుంది.

తేడా ఎక్కడిది? సరళరేఖ చూడటానికి నునుపుగా ఉన్నా, విడివిడి సంవత్సరాల రేట్లు తీస్తే దాని గుట్టు బయటపడుతుంది. ఆరో ఏడు 7.21 శాతం, పదో ఏడుకు 8.82. పట్టికలో 15 సంవత్సరాలకూ 7 శాతమే ఉంటే, పదకొండో ఏడు ఒక్కసారిగా 7కు పడిపోతుంది. రెండో దారిలోనూ మెట్టు ఉంటుంది గానీ, 8.01 నుంచి 7కు మాత్రమే.

చేతిలెక్కకు నేను సరళరేఖే వాడతాను. ఆ రేటుతో సొమ్ముకు విలువ కట్టాలంటే మాత్రం రెండోదే.