జాగ్రత్త: ‘నష్టం రాని’ కుట్టు జాబ్ వర్కులో డెబిట్ నోటు దెబ్బ

బడి యూనిఫాం చొక్కాల కుట్టుపనిని బయటి యూనిట్లకు ఇచ్చే ఆ పెద్ద తయారీదారు ఎవరో మన వైపు మిషన్లు పెట్టుకున్న వారికి విడిగా చెప్పనక్కర లేదు. గుడ్డ వారిదే, గుండీలు వారివే, అమ్ముకునే బాధ మనకు ఉండదు, ఏడాది పొడవునా పని ఉంటుంది, కాబట్టి కొత్తగా మొదలుపెట్టే వారికి ఇంతకంటే నిశ్చింత లేదని వారి మనిషి చెప్పగా విని పని ఒప్పుకున్నాను. నిశ్చింత నిజంగానే ఉంది, కాకపోతే అది మొత్తం వారి వైపే ఉంది.

చొక్కాకు రూ.38 చొప్పున 2,000 చొక్కాలు, అంటే రూ.76,000 పని. అందులో దర్జీలకు చొక్కాకు రూ.22, కాజాలకూ గుండీలకూ దారాలు కత్తిరించి ఇస్త్రీ చేయడానికీ రూ.5, దారం, సూదులు, కరెంటు కలిపి రూ.6,000, ఆటోలకు రూ.3,000 పోగా, చేతిలో మిగలవలసింది రూ.13,000. అంత తక్కువకు ఎందుకు ఒప్పుకున్నారని అడిగేవారు ఉంటారు. మొదటి పని లాభం కోసం కాదు, వచ్చే పనుల కోసం అనుకున్నాను.

బడులు తెరిచే జూన్ ముందరి హడావిడిలో సరుకు ఇచ్చాం, వారు తీసుకున్నారు, చలానా మీద ముద్ర కూడా వేశారు. రెండు నెలలకు పైగా బిల్లు గురించి అడిగిన ప్రతిసారీ ‘అకౌంట్సులో ఉంది’ అన్న మాటే వినిపించింది. ఆ తరువాత డబ్బుకు బదులు, బిల్లులో ఇంత కోసుకుంటున్నామని చెప్పే డెబిట్ నోటు వచ్చింది. 180 చొక్కాలలో చేతులకూ ఒంటికీ రంగు తేడా ఉన్నదట, అందుచేత వాటిని తిరస్కరించి, ఒక్కొక్కటికి రూ.260 చొప్పున రూ.46,800 మా బిల్లులో కోసుకున్నారట. కుట్టుకూలి రూ.38 ఇచ్చేటప్పుడు మేము కూలీలం, నష్టం లెక్క వేసేటప్పుడు మాత్రం చొక్కా మొత్తం ధర మా నెత్తిన. ఒక శాతం టీడీఎస్ కూడా పోగా ఖాతాలో పడింది రూ.28,440. దర్జీలకూ మిగతా ఖర్చులకూ అప్పటికే చెల్లించిన రూ.63,000లో రూ.34,560 మేము ఎదురు పెట్టుకున్నట్లయింది.

ఆ రంగు తేడా ఎక్కడ పుట్టిందో ఈ పని తెలిసిన వారు ఇట్టే చెప్పగలరు. కటింగ్ బల్ల మీద అనేక తానుల గుడ్డను పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు. ఒక తానుకూ మరో తానుకూ అద్దకంలో కొద్దిపాటి తేడా ఉండనే ఉంటుంది కనుక, ప్రతి పొరలోని ప్రతి ముక్కకూ ఒకే నంబరు చీటీ అంటించి పంపాలి, 37వ నంబరు ఒంటికి 37వ నంబరు చేతులే పడాలి. మాకు వచ్చిన బండిళ్లలో ముందు ముక్కలకు మాత్రమే చీటీలు ఉన్నాయి. చేతులకు లేవు, కాలర్లకు లేవు. మా దర్జీ ఒకాయన రెండు ముక్కలను వాకిట్లో ఎండకు పట్టి చూపిస్తే, ట్యూబులైటు కింద కలిసిపోయిన రంగులు అక్కడ స్పష్టంగా విడిపోయాయి. వెంటనే వారి కటింగ్ మాస్టరుకు ఫోను చేశాను. ‘అంతా ఒకటే లాటు మేడమ్, సైజు చూసుకుని కుట్టేయండి, గడువు దాటితే మీకే ఇబ్బంది’ అన్నాడు. ఆ మాట ఫోనులో చెప్పాడు కనుక ఇప్పుడు ఆ మాటే లేదు.

ఇంతవరకు జరిగింది వ్యాపారంలో నష్టమే అనుకుని నోరు మూసుకునేదాన్నేమో. తిరస్కరించి ధర కోసుకున్న చొక్కాలు ఇక మావే కదా, వాటినైనా ఇవ్వండి, సంతలో అమ్ముకుంటామని వారి గోదాముకు వెళ్లాను. అక్కడ ఇస్త్రీ బల్ల పక్కన అవే చొక్కాలు కవర్లలోకి ఎక్కుతున్నాయి. అవి మావేనని ఎలా తెలిసిందంటే, ఎవరు ఎన్ని కుట్టారో కూలి లెక్కకు తెలియడం కోసం మా దర్జీలు పక్క కుట్టు లోపల ఒక్కొక్కరు ఒక్కో రంగు దారంతో చిన్న పోగు వేస్తారు. నేను ఒక చొక్కా తిరగేసి ఆ ఎర్ర పోగును మేనేజరుకు చూపించాను. ఆయన చొక్కాను నా చేతిలోంచి లాక్కుని, మడత సరిచేసి, మళ్లీ కవరులో పెట్టి, ‘చూడమ్మా, బడి గుర్తు ఉన్న సరుకు బయటికి ఇవ్వడం మా కంపెనీ పద్ధతి కాదు. మీలాంటి యూనిట్లు మాకు చాలా ఉన్నాయి, ఇష్టమైతే వచ్చే లాటు తీసుకోండి, లేకపోతే మిషన్లు అమ్ముకోండి’ అన్నాడు. పనికిరాదని మా దగ్గర రూ.260 కోసుకున్న చొక్కాను మా కళ్ల ముందే బడికి పంపుతూ ఆయన పద్ధతుల గురించి మాట్లాడటం నేను ఈ జన్మలో మరిచిపోను.

తరువాత తెలిసిన న్యాయవాది ఒకరు చెప్పిన సంగతి నన్ను ఇంకా మండించింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన వస్తువు మీద తన శ్రమనూ నైపుణ్యాన్నీ పెట్టి పని పూర్తి చేసినవాడు, కూలి ముట్టేవరకు ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి దర్జీదే. కోటు కుట్టగానే ఇస్తానని, డబ్బుకు మూడు నెలల గడువు ఇస్తానని దర్జీ ఒప్పుకుంటే ఆ హక్కు అతనికి ఉండదని అందులోనే రాసి ఉంది. మా ఆర్డరు కాగితం చివర చిన్న అక్షరాలలో ఉన్న ‘సరుకు అందిన 60 రోజులకు చెల్లింపు’ అన్న వాక్యం చేసిన పని అదే. సరుకు మా షెడ్డులో ఉన్నంతవరకు మా చేతిలో ఉండవలసిన ఒకే ఒక్క బలాన్ని అది ముందే తీసేసింది.

అయితే ఆ 60 రోజులు కూడా చెల్లవు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద, కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, సరుకు అంగీకరించిన నాటినుంచి 45 రోజులు దాటి చెల్లింపును ఆపకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పైగా అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్లు లెక్క. మాకు డెబిట్ నోటు వచ్చింది రెండు నెలలు దాటాక. ఉద్యమ్ నమోదు పని మొదలుపెట్టక ముందే చేయించి ఉండటం వల్ల ఇలాంటి బకాయిల కోసం ప్రభుత్వం పెట్టిన సమాధాన్ పోర్టలులో ఫిర్యాదు వేయగలిగాను. ఆ ఫిర్యాదులను విని తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ పిలుపు ఇంకా రాలేదు.

ఆ కంపెనీకి కుట్టబోయే వారు ఉంటే ఇంతవరకు చూసుకోండి. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, పనికి ముందే చేయించుకోండి. ముక్కలు దిగిన రోజే పగటి వెలుతురులో విప్పి, నంబరు చీటీ లేని బండిలు ఏదైనా ఉంటే ఆ మాట వారి చలానా మీదే రాసి సంతకం తీసుకోండి, ఫోనులో చెప్పి వదిలేయకండి. తిరస్కరించిన ముక్కకు కుట్టుకూలి మాత్రమే కోస్తామని, అంతకు మించి కోస్తే ఆ ముక్కను మనకే అప్పగిస్తామని ఆర్డరులో రాయమని అడగండి. రాయనంటే గుడ్డ దింపుకోకండి.